లెట్యూస్ ఫోటోలో గోధుమరంగు వేర్లు, జిగట, మాడిన అంచులు: ఏది రోగం, ఏది కాదు

ఎండలు ముదిరే మార్చి, ఏప్రిల్ నెలల్లో మేడల మీద హైడ్రోపోనిక్స్ పెట్టుకున్నవాళ్లు రెండు రకాల ఫోటోలు పట్టుకుని తిరుగుతుంటారు. ఒకటి, మొక్కను పట్టి ఉంచే జాలీ గిన్నెను, అంటే నెట్ పాట్‌ను పైకెత్తి కింద వేలాడే గోధుమరంగు వేర్లకు తీసింది. రెండోది, లెట్యూస్ నడిబొడ్డున మాడిన లేతాకులకు తీసింది. అడిగే ప్రశ్న మాత్రం ఒకటే: వేరుకుళ్లు వచ్చిందా, మొక్కలన్నీ పీకేయాలా? జవాబులు పొంతన లేకుండా వస్తాయి. ఒకరు హైడ్రోజన్ పెరాక్సైడ్ పొయ్యమంటారు, ఇంకొకరు కాల్షియం పెంచమంటారు, మరొకరు ఏం కాలేదు వదిలేయమంటారు. ముగ్గురూ చూసింది ఒకే ఫోటో.

ఈ గందరగోళానికి మూలం ఏమిటంటే, ఫోటో చూడగానే అందరి కళ్లూ రంగు మీదకే పోతాయి. నిజానికి ఫోటోలో అన్నిటికంటే తక్కువ నమ్మదగ్గది రంగే. వేరు కొసలు ఎలా ఉన్నాయి, పిల్లవేర్లు నిలిచాయా రాలిపోయాయా, జిగట ఎక్కడ పట్టింది, మాడింది లేతాకా ముదురాకా అనేవి రంగుకన్నా గట్టి సాక్ష్యాలు. వెలుగు మారినా అవి మారవు.

తెల్లగా లేని వేరంతా కుళ్లిన వేరు కాదు

నాటిన మొదటి రెండు వారాల్లో లెట్యూస్ వేర్లు తెల్లగా, పీచుపీచుగా ఉంటాయి. వేరు పెరిగేది కొసనుంచే. కొసన ఉండేది కొత్త భాగం, నెట్ పాట్ దగ్గర ఉండేది పాత భాగం. అందుకే నాలుగో వారానికి పైభాగం లేత గోధుమరంగులోకి దిగి, కింది కొసలు మాత్రం తెల్లగా మిగులుతాయి. ఇది వయసు తెచ్చిన రంగు. ఫోటోలో పైనుంచి కిందికి రంగు క్రమంగా తేలికపడుతూ కొసలు తెల్లగా ముగిస్తే, ఆ వేరు పనిచేస్తోందనే అర్థం.

రెండో రకం రంగు మనం పోసిన దానినుంచి వస్తుంది. ఇనుము కోసం వాడే చీలేట్లలో ఈడీడీహెచ్ఏ రకం ముదురు ఎరుపు, అది కలిస్తే ద్రావణం ఎర్రబడి వేర్లకూ ఆ చాయ పడుతుంది. హ్యూమిక్ యాసిడ్, సముద్రపు నాచు రసం లాంటివి వేస్తే వేర్లు టీ రంగుకు వస్తాయి. నారు కోకోపీట్‌లో పెంచి ఉంటే, సరిగ్గా కడగని పీట్ నుంచి దిగే టానిన్లు కూడా అదే పని చేస్తాయి. వీటిని పట్టుకోవడం తేలిక. మరక వేరును ఎంచుకుని పట్టదు. ద్రావణం తగిలిన మేరకు వేర్లన్నిటికీ ఒకేలా పడుతుంది, స్పాంజికీ నెట్ పాట్ అడుక్కీ కూడా పడుతుంది. నీటిమట్టం దగ్గర గీత గీసినట్టు రంగు ఆగిపోతుంది. వేరు లావు తగ్గదు, పిల్లవేర్లు రాలవు. నిన్నమొన్న పుట్టిన కొసలు మరక పట్టేంత పాతవి కావు కాబట్టి తెల్లగానే ఉంటాయి.

మూడోది అసలు రంగు సమస్యే కాదు, అయినా తరచూ భయపెడుతుంది. పైపుల్లో పలచగా నీళ్లు పారే పద్ధతిలోనూ, నీటిమట్టాన్ని తగ్గనిచ్చి పైవేర్లకు గాలి వదిలే క్రాట్కీ పద్ధతిలోనూ, గాలి తగిలే వేర్ల మీద తెల్లటి నూగు వస్తుంది. చాలామంది దాన్ని బూజు అనుకుని కడిగేస్తారు. అవి వేరు నూగులు, మొక్కకు కావలసినవి. దగ్గరనుంచి తీసిన ఫోటోలో తేడా తెలుస్తుంది. నూగు ప్రతి వేరుకూ అడ్డంగా, దాదాపు ఒకే పొడవులో నిలబడి ఉంటుంది. కొసకు కొద్ది మిల్లీమీటర్ల పైన మొదలవుతుంది, కొస నున్నగా ఉంటుంది. బూజైతే ఒక వేరునుంచి ఇంకో వేరుకు దారాలు అల్లుకుంటుంది, స్పాంజి మీదకూ పాకుతుంది.

కుళ్లు ఎలా మొదలవుతుంది, ఫోటోలో ఎలా కనిపిస్తుంది

హైడ్రోపోనిక్ లెట్యూస్‌లో వేరుకుళ్లు అనగానే ముందు అనుమానించేది పిథియం. చాలామంది దీన్ని శిలీంధ్రం అంటారు గానీ ఇది ఊమైసీట్ అనే వేరే వర్గం జీవి. ఈ తేడా పొలంలో ఎలా ఉన్నా నీళ్ల ట్యాంకులో చాలా ముఖ్యం. దీని విత్తులు తోకలతో నీటిలో ఈదగలవు. ఒక మొక్క వేరునుంచి బయలుదేరి అదే నీళ్లు తిరిగే పైపుల్లో మిగతా మొక్కలకు చేరతాయి. ఊమైసీట్ కాబట్టే, ఇంట్లో ఉందని శిలీంధ్రాల మందు కార్బెండజిమ్ తెచ్చి ట్యాంకులో కలిపితే దీని మీద పనిచేయదు. పైగా పచ్చిగా తినే ఆకుకు ఆ మందు అనవసరంగా పెట్టినట్టవుతుంది.

పిథియం ఎప్పుడూ కొంత ఉంటుంది, దానికి దారి ఇచ్చేది వేడి. 20 డిగ్రీల నీటిలో కరిగి ఉండగలిగే ఆక్సిజన్ లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు. 30 డిగ్రీలకు అది 7.5కు పడిపోతుంది. చూడటానికి చిన్న తగ్గుదలే. కానీ అదే సమయంలో వేడికి వేరు శ్వాస పెరిగి దానికి కావలసిన ఆక్సిజన్ ఎక్కువవుతుంది, సూక్ష్మజీవులూ ఎక్కువ లాగేస్తాయి. ఊపిరాడని వేరు తన పైపొరను కాపాడుకోలేదు. లెట్యూస్‌కు నీళ్లు 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంటే హాయి. 25 దాటితే జాగ్రత్త పడాలి. ఏప్రిల్ మధ్యాహ్నం మేడ మీద నీడలేని నల్ల ట్యాంకులో నీళ్లు 30 దాటడం మామూలే.

కుళ్లు పట్టిన వేరులో మొదట మెత్తబడేది బయటి పొర. లోపల నీళ్లు మోసే నారపోగు మాత్రం ఇంకొన్నాళ్లు నిలుస్తుంది. అందుకే అనుమానం ఉన్న వేరును రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా కిందికి లాగితే పైపొర తొడుగులా ఊడి వచ్చి, సన్నటి దారం ఒక్కటే మిగులుతుంది. వేరుకుళ్లును తేల్చే పరీక్షల్లో ఇంతకంటే సులువైనది లేదు. లాగాక మిగిలిన ఆ దారాన్ని ఫోటో తీసి పంపితే, చూసేవాళ్లకు వేర్ల గుత్తి ఫోటోలు పది పంపినా తెలియనిది ఒక్కసారిగా తెలుస్తుంది. మరక పట్టిన వేరును అలాగే లాగితే పొర ఊడదు, వేరు గట్టిగా వేళ్లను ఆపుతుంది.

ముట్టుకోకుండా ఫోటోలో కనిపించే గుర్తులూ ఉన్నాయి. ఆరోగ్యమైన వేర్లను నీటిలోంచి ఎత్తితే పోగులు కాసేపటికి విడివడతాయి. కుళ్లినవి తడిసిన జుట్టులా ఒకే పాయగా అతుక్కుని వేలాడతాయి. పిల్లవేర్లు రాలిపోయి పొడుగాటి పోగులే మిగులుతాయి. రంగు క్రమంగా మారకుండా మచ్చలుమచ్చలుగా ఉంటుంది, ఒకే వేరు మీద తెలుపు పక్కనే ముదురు గోధుమ ముక్క వస్తుంది. అన్నిటికంటే గట్టి గుర్తు కొసల్లో ఉంటుంది. తెల్లకొస ఎక్కడా కనబడకపోతే, పైభాగం ఎంత బాగున్నా అనుమానించాల్సిందే.

జిగట ఒకటి కాదు

జిగట అనే ఒకే మాటకింద కనీసం మూడు వేర్వేరు విషయాలు కలిసిపోతాయి, వాటి తీవ్రత ఒకటి కాదు.

వేరు కొసలు తమంతట తామే కొద్దిగా జిగురు వదులుతాయి. ఇది పారదర్శకంగా, పలచగా ఉంటుంది, ఫోటోలో మెరుపుగా తప్ప కనబడదు. దీనితో పనిలేదు.

పచ్చటి జిగట అంటే పాచి. వెలుతురు పడిన చోటే పెరుగుతుంది కాబట్టి అది ఎక్కడుందో చూస్తే చాలు, కారణం దొరుకుతుంది. స్పాంజి పైన, నెట్ పాట్ చుట్టూ, పైపు కన్నాల అంచుల్లో ఉండి కింది వేర్లు శుభ్రంగా ఉంటే రంధ్రాల్లోంచి వెలుతురు దిగుతోందన్నమాట. వేర్లమీదే పచ్చదనం ఉంటే ట్యాంకో పైపో వెలుతురును లోపలికి వదిలేంత పలచగా ఉంది. పాచి నేరుగా వేరును తినదు. కానీ చచ్చి కుళ్లినప్పుడు ఆక్సిజన్ లాగేస్తుంది, ఆ తర్వాతి సమస్యకు మేత అవుతుంది.

ఆ తర్వాతిదే గోధుమ లేదా పాలరంగు జిగట. చాలామంది దీన్ని గోధుమ పాచి అంటారు. చీకటి ట్యాంకుల్లోనూ పెరుగుతుంది కాబట్టి దీన్ని మామూలు పాచి అనలేం. ఎక్కువగా ఇది బ్యాక్టీరియా కట్టుకునే పొర. ద్రావణంలో బెల్లం నీళ్లు, చేప ఎరువు, జీవామృతం లాంటి సేంద్రియ పదార్థాలు కలిపితే దీనికి పండగే. నేలలో మేలుచేసే ఈ ఎరువులు, వాటిని అరాయించే మట్టి లేని ట్యాంకులో వేరుమీద పొరగా మిగిలిపోతాయి. జిగట వేరును కప్పేస్తే వేరుకు ఆక్సిజన్ అందదు. అంటే జిగటే కుళ్లు కాదు, కుళ్లుకు తలుపు తెరిచేది. రెండూ కలిసి కనిపించడమూ తరచూ జరుగుతుంది.

ఫోటోలో వీటిని విడదీయాలంటే కడగకముందు, కడిగిన తర్వాత రెండు ఫోటోలు కావాలి. ఒక తెల్ల గిన్నెలో మామూలు నీళ్లు పోసి, వేర్లను అందులో నాలుగైదు సార్లు మెల్లగా ముంచి తీయాలి. పొర వదిలి కింద తెల్లటి, గట్టి వేరు బయటపడితే సమస్య ఇంకా పైపైనే ఉంది. పొరతోపాటు వేరు ముక్కలూ గిన్నెలో రాలితే కుళ్లు మొదలైంది. గిన్నె అడుగున రాలినదాన్ని ఫోటో తీయడం ఎవరికీ తట్టదు, కానీ వేరు ఫోటోకన్నా అదే ఎక్కువ చెబుతుంది. వాసన ఫోటోలో రాదు కాబట్టి మాటల్లో రాయాలి. ఆరోగ్యమైన వేర్లకు పచ్చి వాసనో ఏ వాసనా లేకపోవడమో ఉంటుంది. మురుగు వాసన వస్తే ఆక్సిజన్ లేని చోట్లు ఏర్పడ్డాయి.

ఆకు అంచు మాడటం: ముందు చూడాల్సింది ఏ ఆకో

మాడిన అంచు ఫోటో వస్తే రంగు, పరిమాణం తర్వాత సంగతి. మాడింది నడిమి లేతాకా, బయటి ముదురాకా అన్నది ముందు తేలాలి. ఎందుకంటే వాటి కారణాలు వేరు.

టిప్ బర్న్ అని పిలిచేది నడిమి లేతాకుల జబ్బు. ఇది క్రిమి వల్ల రాదు, అంటుకోదు. ఆ ఆకు అంచుకు కాల్షియం చేరకపోవడం వల్ల వస్తుంది. మొక్కలో కాల్షియం నీళ్లతోపాటే పైకి పోతుంది. నీళ్లు ఎక్కడ ఎక్కువ ఆవిరైతే అటే ఎక్కువ పోతుంది. బయటి పెద్దాకులు గాలికి విప్పారి ఉంటాయి కాబట్టి వాటా అంతా అవే లాగేసుకుంటాయి. లోపల ముడుచుకున్న లేతాకుల చుట్టూ గాలి ఆడదు, తేమ నిలిచిపోతుంది, ఆవిరి తక్కువ. ఒకసారి ముదురాకులో కుదురుకున్న కాల్షియం అక్కణ్నుంచి లేతాకుకు మళ్లీ రాదు. దానికితోడు మొక్క వేగంగా పెరుగుతుంటే లేతాకు అవసరం ఇంకా పెరుగుతుంది. కణం గోడ బలహీనపడి అంచు దగ్గర పగులుతుంది. దగ్గరగా చూస్తే మొదట కనిపించేది అంచంతా మాడటం కాదు. ఈనెలు అంచును చేరే చోట సూదిమొనంత గోధుమ చుక్కలు వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో అవి కలిసి గీతవుతాయి. మిగతా ఆకు పెరుగుతూ అంచు పెరగదు కాబట్టి ఆకు దోసిలిలా వంగుతుంది. పంట కోతకు ముందు ఆఖరి పది, పదిహేను రోజుల్లోనే ఇది ఎక్కువ, ఎందుకంటే ఆకుల గుత్తి అప్పుడే మూసుకుంటుంది.

బయటి ముదురాకుల అంచులు మాడి, లేతాకులు బాగుంటే కాల్షియం ఊసు వదిలేయాలి. అది ఎక్కువగా ఉప్పు ఎక్కువై, అంటే ద్రావణం చిక్కబడి వచ్చే మాడు. వేసవిలో మొక్క ఎరువుకన్నా నీళ్లు ఎక్కువ తాగుతుంది. ఈ చిక్కదనాన్ని చెప్పే కొలత ఈసీ. పొద్దున ఈసీ 1.4 ఉన్న ట్యాంకు, నీళ్లు తగ్గి తగ్గి రెండు మూడు రోజుల్లో 2 దాటొచ్చు. ఎండ నేరుగా తగిలిన వైపే, ఆకు మధ్యలో పాలిపోయిన మచ్చలుంటే అది ఎండదెబ్బ.

ఇంకో చిన్న మోసం ఉంది. తెల్లవారుజామున లెట్యూస్ ఆకు అంచుల్లో నీటిబొట్లు నిలుస్తాయి. రాత్రి వేర్లు నీటిని పైకి నెట్టడం వల్ల అవి వస్తాయి, మంచి గుర్తు. లేతాకులకు కాల్షియం చేరే దారుల్లో ఈ రాత్రి ఒత్తిడి ఒకటి. ఆ బొట్లు ఎండితే తెల్లటి ఉప్పు మరక మిగులుతుంది. ఫోటోలో అది మాడినట్టు కనబడుతుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

కాల్షియం కలిపితే పోతుందా?

దీని మీద రెండు వాదాలున్నాయి, రెంటిలోనూ నిజం ఉంది, ఏది ఎవరికి వర్తిస్తుందో చూడాలి.

ద్రావణంలోనే కాల్షియం లేదనేది మొదటి వాదం. మన దగ్గర ఇది చాలా సందర్భాల్లో నిజం. ఎరువుల షాపులో దొరికే 19:19:19 ఒక్కటే కలిపి హైడ్రోపోనిక్స్ మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ. అందులో కాల్షియం అసలు లేదు. నత్రజనిలో ఎక్కువ భాగం యూరియా, అమ్మోనియం రూపంలో ఉంటుంది, అమ్మోనియం కాల్షియంతో పోటీపడి దాన్ని వేరులోకి సరిగా రానివ్వదు. బోరు నీళ్లు వాడేవాళ్లకు ఆ నీళ్ల కఠినత్వంలోనే కొంత కాల్షియం ఉంటుంది, అందుకే పంట ఎలాగో గట్టెక్కుతుంది. అదే ఎరువును ఆర్వో నీళ్లలో కలిపినవాళ్లకు మొక్క నడిబొడ్డు మాడిపోతుంది. ఇలా కాల్షియం నిజంగానే లేనప్పుడు వేరు కొసలూ పొట్టిగా, మొద్దుబారి, గోధుమరంగుకు తిరుగుతాయి. పైనుంచి కిందికి కాల్షియం రాదు కాబట్టి కొసకు కావలసింది కొసే ద్రావణంలోంచి తీసుకోవాలి. ఫోటోలో దీన్ని కుళ్లుగా పొరబడటం సులువు. పొర ఊడకపోతే, జిగట లేకపోతే, ముందు ఏ ఎరువు వాడుతున్నారో అడగాలి.

ద్రావణంలో కాల్షియం చాలినంత ఉంది, చేరడం లేదు అనేది రెండో వాదం. కాల్షియం ఒకదానిలో, దానితో కలవకూడని ఎరువులు ఇంకోదానిలో ఉండే వేర్వేరు ఏ, బీ ద్రావణాలు వాడేవాళ్లలో దాదాపు ఇదే నిజం. లెక్క చూద్దాం. హైడ్రోపోనిక్స్‌లో వాడే 15.5 శాతం నత్రజని కాల్షియం నైట్రేట్‌లో కాల్షియం సుమారు 19 శాతం. లీటరుకు 0.8 గ్రాములు వేస్తే 150 మిల్లీగ్రాముల కాల్షియం వస్తుంది. లెట్యూస్‌కు అది చాలు. దాన్ని ఇంకా పెంచితే ఈసీ పెరుగుతుంది, వేరు నీళ్లు లాగడం కష్టమవుతుంది, లేతాకుకు చేరేది తగ్గినా తగ్గొచ్చు. ఇక్కడ పనికొచ్చేవి గాలి, నీడ. కార్నెల్ విశ్వవిద్యాలయం గ్రీన్‌హౌస్ లెట్యూస్‌కు రోజుకు చదరపు మీటరుకు 17 మోల్స్ వెలుగు వరకు ఇవ్వగలిగింది, అదీ గుత్తి నడిమిలోకి పైనుంచి ఫ్యాన్ గాలి కొట్టి. మన వేసవి ఎండలో ఆరుబయట వెలుగు దానికి రెండింతలు దాటుతుంది. 50 శాతం షేడ్ నెట్ కింద కూడా ఏప్రిల్‌లో గాలి ఆడని మూల టిప్ బర్న్ వస్తే ఆశ్చర్యపడాల్సిన పనిలేదు.

ఆకుల మీద కాల్షియం పిచికారీ గురించీ భేదాభిప్రాయాలున్నాయి. విప్పారిన రకాల్లో, లేతాకుకు మందు నేరుగా తగిలేలా కొడితే ఫలితం కనిపిస్తుంది. గుత్తి మూసుకున్న బటర్‌హెడ్ రకాల్లో తుంపర లోపలికి వెళ్లదు, బయటి ఆకులు తడుస్తాయంతే.

ఫోటో ఎక్కడ మోసం చేస్తుంది

ఊదారంగు ఎల్ఈడీ గ్రో లైట్ కింద తీసిన ఫోటో నుంచి వేరు రంగు చెప్పడం ఎవరివల్లా కాదు. ఆ వెలుగులో ఆకుపచ్చ భాగమే దాదాపు ఉండదు, గోధుమరంగు నల్లగానూ, తెలుపు గులాబీగానూ పడతాయి. పసుపు బల్బు కింద తెల్లవేరు కూడా గోధుమ చాయకు వస్తుంది. ఫోన్ తనంతట తాను రంగులు సర్దుతుంది, ఫ్రేములో అంతా ఆకులే ఉంటే వేరును ఎరుపు వైపు నెట్టేస్తుంది.

విరుగుడు కష్టం కాదు. మొక్కను నీడలో పగటి వెలుతురుకు తెచ్చి, వేర్ల వెనక ఒక తెల్ల ఏ4 కాగితం పెట్టి తీస్తే చాలు. కాగితం ఫోటోలో తెల్లగా ఉంటే వేరు రంగును నమ్మొచ్చు. కాగితమే పసుపుగా ఉంటే రంగు గురించి మాట్లాడకూడదు, ఆకారం గురించే మాట్లాడాలి. ఫ్లాష్ వేయకూడదు, తడివేరు మీద ఫ్లాష్ మెరుపు జిగటలా కనబడుతుంది. జిగట విషయంలో పది సెకన్ల వీడియో ఫోటోకన్నా మేలు, వేలితో తాకి లాగితే తీగ సాగుతుందో లేదో కనిపిస్తుంది. ఆకులకు పైనుంచి ఒకటి, బయటి ఆకులు విప్పి నడిబొడ్డు కనబడేలా ఒకటి కావాలి. పక్కనుంచి తీసిన అందమైన ఫోటోలో టిప్ బర్న్ దాక్కుంటుంది.

ఒక కేసు మొదటినుంచి చివరిదాకా

ఉదాహరణకు ఇలాంటి పరిస్థితి అనుకుందాం. హైదరాబాద్‌లో ఒక మేడ, ఏప్రిల్ రెండో వారం. పీవీసీ పైపుల్లో 40 లెట్యూస్ మొక్కలు, కింద 100 లీటర్ల ట్యాంకు, మోటారు రోజంతా నీళ్లు తిప్పుతుంది. నాటి 26 రోజులు. ఏ, బీ ద్రావణాలే వాడుతున్నారు. ఈసీ 1.9, పీహెచ్ 6. మొదట పంపింది రాత్రి పసుపు బల్బు కింద తీసిన ఒకే ఫోటో: గోధుమరంగు వేర్లు, కొన్ని లేతాకుల మీద మాడు.

ఈ ఫోటోతో కుళ్లు అని తీర్పు చెప్పడానికి ఆధారం లేదు. తెల్లగా ఉండాల్సిన నెట్ పాటే అందులో తేనెరంగులో ఉంది. మర్నాడు పొద్దున నీడలో, కాగితం పెట్టి, పైపు మొదటి మొక్క, మధ్య మొక్క, చివరి మొక్క మూడింటి వేర్లూ తీయించారనుకుందాం. అప్పుడు చిత్రం మారుతుంది. మొదటి మొక్క వేర్లు పైన లేత గోధుమ, కింద తెల్లకొసలు. మధ్యది దాదాపు అంతే. చివరి మొక్క వేర్లు పాయగా అతుక్కున్నాయి, పిల్లవేర్లు లేవు, కొసలు ముదురు గోధుమ. లాగితే పొర ఊడి దారం మిగిలింది. కుళ్లు ఉంది, కానీ చివరన మాత్రమే ఉంది. ఎందుకంటే నీళ్లు పైపు పొడుగునా ఎండలో పారుతూ వేడెక్కుతాయి, దారిలోని వేర్లన్నీ ఆక్సిజన్ లాగేసుకుంటాయి, చివరి మొక్కకు మిగిలేది తక్కువ. మధ్యాహ్నం మూడింటికి ట్యాంకు నీళ్లు 31 డిగ్రీలుంటే చివరి కన్నం దగ్గర ఇంకా ఎక్కువే ఉంటుంది.

ఇక మాడు. అది వేర్లు బాగున్న మొదటి మొక్కల్లోనూ ఉంది, అదీ నడిమి లేతాకుల్లోనే. బయటి ఆకులు శుభ్రంగా ఉన్నాయి. కాబట్టి మాడుకు కుళ్లు కారణం కాదు, ఉప్పు మాడూ కాదు, ఇది టిప్ బర్న్. ఏ, బీ ద్రావణాలు వాడుతున్నారు కాబట్టి కాల్షియం లేకపోవడమూ కాదు. ఎండ ఎక్కువ, పెరుగుదల వేగం, ఈసీ 1.9 దగ్గర వేరుకు నీళ్లు లాగడం భారం. చివరి మొక్కల్లో మాడు ఇంకా ఎక్కువుంటే దానికి అదనపు కారణం వేరు దెబ్బతినడం. నీళ్లే సరిగా పోని మొక్కకు కాల్షియం ఎలా పోతుంది? మధ్యాహ్నం ఆ మొక్కలు నీటిలో ఉండి కూడా వాడిపోతున్నాయంటే ఇది ఖాయం.

ఇక్కడ కుళ్లు, టిప్ బర్న్ వేర్వేరు సమస్యలు, మూలం మాత్రం వేడే. చివరి మూడు నాలుగు మొక్కలు తీసేస్తే పిథియం విత్తుల మూలం తగ్గుతుంది. ట్యాంకుకు నీడ, పైపులకు తెల్లరంగు, నీటిలో గాలిబుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేరు సంగతి చూస్తాయి. ద్రావణాన్ని 1.2 ఈసీకి పలచన చేయడం, షేడ్ నెట్, మొక్కల ఎత్తులో ఒక చిన్న ఫ్యాన్ ఆకు సంగతి చూస్తాయి. కాల్షియం పెంచాల్సిన అవసరం ఈ కేసులో ఎక్కడా కనబడదు.

చంపాలా, పెంచాలా

కుళ్లు తేలాక ఏంచేయాలన్నదాని మీద పెంపకందార్లు రెండు వర్గాలు. ట్యాంకులో ఏ సూక్ష్మజీవీ ఉండకూడదని పెరాక్సైడ్, క్లోరిన్ వాడేవాళ్లు ఒక వైపు. బాసిల్లస్, ట్రైకోడెర్మా లాంటి మేలుచేసే జీవులతో వేరును నింపితే పిథియంకు చోటుండదనేవాళ్లు ఇంకో వైపు. పెరాక్సైడ్ జిగటను వేగంగా కరిగిస్తుంది, ఫోటోలో తేడా మర్నాడే కనబడుతుంది. కానీ అది త్వరగా విరిగిపోతుంది, మోతాదు మించితే లేతకొసలనే కాలుస్తుంది, వేడి తగ్గకపోతే జిగట వారంలో తిరిగొస్తుంది. జీవులు నెమ్మది. ముందుగా వేస్తే కాపాడతాయి, ఊడిపోతున్న వేరును బాగుచేయలేవు. రెండూ కలిపి వేయడం మాత్రం డబ్బు దండగ, పెరాక్సైడ్ మంచి జీవులనూ చంపేస్తుంది. 30 డిగ్రీల నీటిలో ఏ పక్షమూ ఎక్కువకాలం గెలవదు, కాబట్టి నీటి వేడి దించడానికి పెట్టే ఖర్చే ముందు పెట్టాల్సిన ఖర్చు.

ఏ మార్గం పట్టినా, బాగుపడుతోందో లేదో పాత భాగాల ఫోటోతో తెలియదు. గోధుమరంగు వేరు మళ్లీ తెల్లబడదు, మాడిన అంచు పచ్చబడదు. ఇవాళ కనబడే మాడు కొద్దిరోజుల కిందటి కరువుది. అందుకే మార్పులు చేసిన రోజున నడిబొడ్డులోని అతిచిన్న ఆకుకు పక్కన ఒక దారం కట్టి గుర్తు పెట్టుకోవడం మంచిది. ఐదారు రోజుల తర్వాత అదే కాగితం, అదే నీడ, అదే మొక్క తీయాలి. గుర్తు తర్వాత వచ్చిన ఆకుల అంచులు శుభ్రంగా ఉండి, నెట్ పాట్ అడుగునుంచి పొట్టి తెల్లవేర్లు కొత్తగా దిగుతుంటే, కింద వేలాడే గోధుమ పాయ ఎంత వికారంగా ఉన్నా ఆ మొక్కను కోతవరకు ఉంచొచ్చు. కొత్త తెల్లవేర్లు లేకపోతే, ఆకులు ఇంకా పచ్చగా ఉన్నా ఆ మొక్కను అప్పుడే కోసుకోవడం మేలు.